అర్ధరాత్రి అయిదు సెంటీమీటర్లు: మా అపార్ట్‌మెంట్ వేసవి నీళ్ల డైరీ

మార్చి మొదటి వారం

మాది విశాఖపట్నంలో పీఎం పాలెం వైపు, స్టిల్టు మీద అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్లు, పిల్లలతో కలిపి 72 మందిమి. సంపులోకి మున్సిపల్ కొళాయి నీళ్లు రోజుకు సుమారు 5,000 లీటర్లు వస్తాయి. బోరు రెండు గంటలు ఆడితే ఇంకో 4,000. ఆ తర్వాత మోటారు గాలి పీలుస్తుంది, ఆపాల్సిందే. మొత్తం 9,000 లీటర్లు. తక్కువ పడినప్పుడల్లా ట్యాంకర్ తెప్పిస్తాం. గత ఏడాది ఏప్రిల్‌కే రోజు విడిచి రోజు ట్యాంకర్ వచ్చింది. కమిటీలో ఖజానా లెక్కలు నా దగ్గర ఉంటాయి కాబట్టి ఈసారి వేసవి రాకముందే పని మొదలుపెడదామని మీటింగులో అడిగాను.

మీటింగులో ప్రతి ఒక్కరూ ఒక్కో మాట చెప్పారు. కార్లు కడగడం ఆపేయమని ఒకరు, మొక్కలకు నీళ్లు తగ్గించమని ఒకరు, అద్దెకున్నవాళ్లే ఎక్కువ వాడుతున్నారని ఒకరు. ఆ ఆఖరి మాటతో గొడవయ్యేలా ఉంది. నేను అడిగింది ఒక్కటే: అసలు రోజుకు మనం ఎన్ని నీళ్లు వాడుతున్నాం? ఎవరి దగ్గరా జవాబు లేదు. మాకు ఫ్లాటుకో మీటరు లేదు. మెయింటెనెన్స్‌లో అందరం సమానంగా కడతాం. కాబట్టి ముందు కొలుద్దామని, అలవాట్ల సంగతి తర్వాత మాట్లాడదామని ఒప్పుకున్నారు.

కొలబద్ద

మా ఓవర్‌హెడ్ ట్యాంకు కాంక్రీటుది. లోపలి కొలత నాలుగు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. అంటే నీటిమట్టం ఒక సెంటీమీటర్ తగ్గితే సరిగ్గా 100 లీటర్లు ఖర్చయినట్టు. లెక్క ఇంత సులువుగా కుదరడం మా అదృష్టం. మీ ట్యాంకుకైతే పొడవును, వెడల్పును మీటర్లలో గుణించి, వచ్చినదాన్ని పదితో గుణిస్తే సెంటీమీటరుకు ఎన్ని లీటర్లో వస్తుంది. గోడ మందం కలిపెయ్యకుండా లోపలి కొలతే తీసుకోవాలి.

రాత్రిపూట ఇనప నిచ్చెన ఎక్కి, మూత తీసి, టార్చి వేసి చూడమని వాచ్‌మన్‌కి చెప్పడం నాకిష్టం లేదు. ప్లంబర్ ఒక పాత పద్ధతి చెప్పాడు. ఖాళీ అయిదు లీటర్ల డబ్బాను గట్టిగా మూసి ట్యాంకులో తేలేలా వదిలాడు. దానికి నైలాన్ తాడు కట్టి, పైన రెండు చిన్న కప్పీల మీదుగా బయటికి తెచ్చి, చివర ఒక ఇనప ముక్క వేలాడదీశాడు. ట్యాంకు గోడ మీద పెయింటుతో సెంటీమీటర్ల గీతలు గీశాం. లోపల నీళ్లు దిగితే బయట బరువు పైకి వస్తుంది కాబట్టి అంకెలు కింది నుంచి పైకి తగ్గుతూ పోతాయి. మొదటి సాయంత్రమే సముద్రపు గాలికి ఆ బరువు ఊగిపోయి అంకె చదవడం కుదరలేదు. మర్నాడు ఒక పీవీసీ పైపును నిలువునా చీల్చి గోడకు బిగించి, బరువును అందులో నడిచేలా పెట్టాక నిలిచింది.

మోటారు వేళలు కూడా మార్చాం. నీళ్లు ఎక్కుతున్నప్పుడే ఇళ్లల్లో వాడుతుంటే లెక్క కలగాపులగం అవుతుంది. అందుకని అంతా నిద్రపోయే తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి, భోజనాల తర్వాత సద్దుమణిగే మధ్యాహ్నం రెండింటికి ఒకసారి మాత్రమే నింపుతున్నాం. మోటారు వేసే ముందు, ఆపాక అంకె చూసి వాచ్‌మన్ పుస్తకంలో రాస్తాడు. మామూలు రోజున ఉదయం నాలుగు నుంచి రెండింటి దాకా 70 సెంటీమీటర్లు, రెండు నుంచి మర్నాడు తెల్లవారుజాము దాకా 46. మొత్తం 116. అంటే 11,600 లీటర్లు, తలకు 161. మురుగు పైపులున్న పట్టణాలకు నీటి సరఫరా ప్రణాళికలో వాడే కొలత తలకు రోజుకు 135 లీటర్లు. మేం దానికన్నా పైనే ఉన్నాం.

మార్చి రెండో వారం

పుస్తకంలో నన్ను ఆపేసిన అంకె ఇది కాదు. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా కూడా అయిదు సెంటీమీటర్లు తగ్గుతోంది. అంటే 500 లీటర్లు. "ఏటమ్మా, రాత్రేల అన్ని నీళ్లు ఎవులు వాడతారు?" అని వాచ్‌మన్ అడిగాడు. అతనిది శ్రీకాకుళం వైపు ఊరు, పుస్తకం రాయడంలో నాకన్నా శ్రద్ధ అతనికే ఎక్కువ. రాత్రి పూట లేచేది పెద్దవాళ్లు, షిఫ్టు డ్యూటీల నుంచి వచ్చేవాళ్లు. ఫ్లష్‌కి పది లీటర్లు వేసుకున్నా అంతా కలిపి వంద లీటర్లు దాటదు. మిగతా 400 లీటర్లు ఎవరూ వాడకుండానే పోతున్నాయి. నాలుగు గంటల్లో 400 అంటే గంటకు వంద, రోజుకు 2,400 లీటర్లు. రెండు రోజులకు ఒక చిన్న ట్యాంకర్ అన్నమాట.

పగలు కూడా ఆ నీళ్లు అలాగే పోతూ ఉంటాయి. కాకపోతే వాడకంలో కలిసిపోయి కనపడవు. అందుకే రాత్రి అంకె ముఖ్యం. మీ అపార్ట్‌మెంట్‌లో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇది చెయ్యండి. అర్ధరాత్రి మట్టం, తెల్లవారుజాము మట్టం రాసుకోండి.

ఎక్కడ పోతున్నాయి

మొదట ట్యాంకే కారుతోందేమో చూశాం. టెర్రస్ మీద మాకు ఎనిమిది వాల్వులు ఉన్నాయి. 01, 02, 03, 04 ఫ్లాట్ల వరసలు ఒక్కోదానికీ వంటింటి లైను ఒకటి, బాత్‌రూమ్ లైను ఒకటి. ముందే వాట్సాప్‌లో చెప్పి, ఒక రాత్రి అన్నీ కట్టేసి రెండు గంటలు ఆగాం. మట్టం కదల్లేదు. అంటే ట్యాంకు బాగుంది, పోయేది ఇళ్లల్లోనే. ఇందులో ఒక చిక్కు ఉంది. పాత ఇత్తడి గేట్ వాల్వులు మా బోరు నీటి సున్నం పట్టి పూర్తిగా మూసుకోవు. తిప్పితే బిగిసినట్టే ఉంటుంది, లోపల నీళ్లు పోతూనే ఉంటాయి. అలాంటివి రెండు కనపడితే వాటి చోట బాల్ వాల్వులు పెట్టించాకే ఈ పరీక్ష చేశాం.

తర్వాత రాత్రికొక బాత్‌రూమ్ లైను చొప్పున, పన్నెండు నుంచి నాలుగు దాకా కట్టాం. ఆ వరస వాళ్లు ముందే బకెట్లలో నీళ్లు పట్టి పెట్టుకున్నారు. 01 కట్టినప్పుడు, 02 కట్టినప్పుడు పెద్ద తేడా లేదు. 03 కట్టిన రాత్రి అయిదు కాస్తా రెండున్నరకు వచ్చింది. సగం నష్టం ఆ ఒక్క వరసలోనే. 04లో కొంత ఉంది.

మర్నాడు ప్లంబర్‌ని తీసుకుని 103 నుంచి 503 దాకా ఎక్కాం. 303 తాళం వేసి ఉంది. వాళ్లు సంక్రాంతికి హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లారు, ఇంకా రాలేదు. ఎవరూ లేని ఇల్లు కాబట్టి ముందు దాన్ని వదిలేద్దామన్నాడు ప్లంబర్. కానీ మిగతా నాలుగిళ్లలో కనపడింది చిన్న చిన్న కారడమే, లెక్క సరిపోలేదు. వాళ్లకు ఫోన్ చేసి, పక్కింటి వాళ్ల దగ్గరున్న తాళంచెవితో తెరిచాం. మాస్టర్ బెడ్‌రూమ్ కమోడ్‌లో గోడలోకి దాచిన ఫ్లష్ ట్యాంకు. కమోడ్ వెనక గోడ మీద పలచగా జారుతున్న నీటి పొర. వినపడేంత చప్పుడు కూడా లేదు. ఫ్లష్ బటన్ పలక ఊడదీసి చూస్తే, అడుగున నీళ్లను ఆపే రబ్బరు వాషరు చుట్టూ తెల్లగా సున్నం పేరుకుని ఉంది. వాషరు మార్చాం. ఆ రాత్రి మట్టం మూడున్నర దగ్గర ఆగింది. అంటే మనుషులు లేని ఆ ఇల్లు ఒక్కటే రోజుకు సుమారు 900 లీటర్లు ఖర్చు చేస్తోంది.

ఆ ఇంటావిడ ఫోన్‌లో చాలా బాధపడ్డారు. వాళ్ల తప్పేమీ లేదని, ఇంట్లో ఉన్నా కంటికి కనపడేది కాదని నచ్చజెప్పాను. ఊరెళ్లేవాళ్లు తమ ఇంటి బాత్‌రూమ్ వాల్వు కట్టి వెళ్లాలని అందరికీ చెప్పాం. ఆ వాల్వు ఎక్కడుందో చాలామందికి తెలియదు కాబట్టి ప్లంబర్ ఒక్కో ఇంట్లో చూపించి ఎర్ర టేపు చుట్టాడు.

మొదటి అలవాటు: పడుకునే ముందు కమోడ్ దగ్గర ఒక నిమిషం

బాగుచేసిన వాషరు మళ్లీ పాడవుతుంది. మా నీళ్లలో ఉన్న సున్నం అలాంటిది. కాబట్టి ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదని అనిపించి, రోజూ చేసే అలవాటుగా పెట్టాం. రాత్రి ఆఖరున ఫ్లష్ కొట్టాక ట్యాంకు నిండే దాకా ఆగండి. చప్పుడు ఆగిపోయాక ఫ్యాను కట్టేసి ఒక్క నిమిషం వినండి, కమోడ్ లోపలి వెనక గోడ మీద టార్చి వేసి చూడండి. సన్నగా సూ అని వినిపించినా, నీటి పొర కదులుతూ మెరిసినా కారుతున్నట్టే. ఎవరూ వాడకపోయినా కాసేపటికోసారి ట్యాంకు దానంతటదే నిండుతున్న చప్పుడు వస్తే అనుమానమే అక్కర్లేదు.

అనుమానంగా ఉంటే కాఫీ పరీక్ష. ఇన్‌స్టంట్ కాఫీ పొడి రెండు చెంచాలు నీళ్లలో కలిపి ఫ్లష్ ట్యాంకులో పోసి ఇరవై నిమిషాలు ఎవరూ వాడకుండా ఉంచాలి. కమోడ్‌లోకి రంగు దిగితే అడుగు వాషరు పోయింది. పసుపు వేస్తే మరక పడుతుంది, వద్దు. గోడలోని ట్యాంకుకు మూత తీయడం కష్టం కాబట్టి అక్కడ కమోడ్ వెనక గోడను తుడిచి, పొడి టిష్యూ కాగితం అంటించి చూడాలి. తడిస్తే కారుతున్నట్టు.

రంగు దిగకపోయినా చప్పుడు వస్తుంటే ఫ్లోట్ చూడాలి. ట్యాంకు మధ్యలో నిలువుగా ఉన్న ఓవర్‌ఫ్లో గొట్టం పై అంచుకు నీళ్లు ఒక అంగుళం కిందే ఆగాలి. అంచు దాకా వస్తుంటే ఫ్లోట్ కాస్త కిందికి దించితే చాలు. 04 వరసలో మూడిళ్లలో ఇదే జరుగుతోంది, ఒక్క పైసా ఖర్చు లేకుండా పోయింది.

రాత్రిళ్లు ఫ్లష్ ట్యాంకులోకి నీళ్లు వదిలే యాంగిల్ కాక్ కట్టేసి పడుకోవచ్చు కదా అని 401 మాస్టారు అడిగారు. కొన్నాళ్లు అలా చేసి చూశారు కూడా. రోజూ తిప్పడం వల్ల ఆయన ఇంట్లో యాంగిల్ కాక్ కాడ దగ్గరే నీళ్లు చెమ్మగిల్లడం మొదలైంది. పైగా రాత్రి లేచే పెద్దవాళ్లకు అది ఇబ్బంది. కారుతున్నట్టు తెలిసి, ప్లంబర్ వచ్చే దాకా కట్టి ఉంచడానికి అది పనికొస్తుంది, రోజూ వద్దు.

నెలాఖరుకు అర్ధరాత్రి అంకె అయిదు నుంచి ఒకటిన్నరకు దిగింది.

ఏప్రిల్ మొదటి వారం

ఉదయం నాలుగు నుంచి మధ్యాహ్నం రెండు లోపు తగ్గే నీళ్లే మాకు ఎక్కువ. స్నానాలు, బట్టలు, వంటిల్లు అన్నీ అందులోనే ఉన్నాయి. స్నానాల జోలికి వెళ్లదలచుకోలేదు. విశాఖ ఉక్కపోతలో రెండు పూటలా స్నానం చేయవద్దని ఎవరికీ చెప్పలేం. ఇప్పటికే చాలామంది బకెట్‌తోనే చేస్తారు. వంటింట్లో ఎన్ని పోతున్నాయో మాత్రం ఎవరికీ తెలియదు.

మా ఇంట్లోనే కొలిచాను. సింకు కింద వేస్ట్ పైపు విప్పి, అక్కడ బకెట్ పెట్టి, నిండినప్పుడల్లా మార్చాం. మధ్యాహ్నం నలుగురి భోజనం గిన్నెలు కొళాయి వదిలి కడిగితే 58 లీటర్లు వచ్చాయి. కొళాయి సగమే తిప్పి ఉంది. మా ఇంట్లో పని చేసే ఆమె ఆ బకెట్లు వరసగా చూసి "ఇన్నా అమ్మా!" అంది. ఆమె ఉండే వీధిలో కొళాయి దగ్గర బిందెకు వరస కట్టాలి. అందుకే మార్పు గురించి ఆమెకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది, ఎలా చేస్తే కుదురుతుందో ఆమే చెప్పింది.

రెండో అలవాటు: కొళాయి కట్టేసి రుద్దడం, రెండు టబ్బుల్లో కడగడం

ఆమె పెట్టిన వరస ఇది. గిన్నెల్లో మిగిలింది ముందు చేత్తో, జిడ్డున్న మూకుళ్లను పాత న్యూస్‌పేపర్‌తో తుడిచెయ్యాలి. అన్నం గిన్నె, పాల గిన్నె గరిటెడు నీళ్లు పోసి నానబెట్టాలి. తర్వాత కొళాయి పూర్తిగా కట్టేసి అన్నీ సబ్బుతో రుద్దాలి. మొదట గ్లాసులు, తర్వాత కంచాలు, చివర జిడ్డువి. కడగడం కూడా అదే వరసలో, మొదటి టబ్బులో సబ్బు పోగొట్టి, రెండో టబ్బులో తేటనీళ్లలో ముంచి తీయడం. మొదటి టబ్బు నురగతో నిండితే పారబోసి, రెండో టబ్బు నీళ్లు అందులోకి వంపి, రెండోదాంట్లో కొత్తవి పట్టుకోవాలి. అలా కడిగితే మా ఇంట్లో 24 లీటర్లు అయింది. పూటకు 34 మిగిలాయి.

ఇందులో వచ్చే కష్టాలు కూడా చెప్పాలి. సింకు చిన్నదైతే రెండు టబ్బులు పట్టవు, ఒకటి పక్క గట్టు మీద పెట్టుకోవాలి. నేల మీద పెట్టి వంగి కడగమంటే పని చేసేవాళ్ల నడుము పడిపోతుంది, అది అడగకూడదు. మొదట్లో పదినిమిషాలు ఎక్కువ పడుతుంది. అయిదారిళ్లు చేసుకునే మనిషికి అది పెద్ద నష్టం కాబట్టి, కంచాలు తుడిచి నానబెట్టే పని ఇంటివాళ్లే చేసి ఉంచాలని మేం అనుకున్నాం. వంజరం తెచ్చుకున్న రోజు నీచు వాసన పోవడానికి ఇంకో టబ్బు నీళ్లు తప్పవు. ఆ రోజుకి తప్పదనుకోవాలి.

కొళాయికి జల్లెడలాంటి ఏరేటర్ పెడితే సరిపోదా అని చాలామంది అడిగారు. ఇక్కడ అంతస్తు లెక్క చూడాలి. ట్యాంకు నుంచి కిందికి మూడు మీటర్లు దిగితే పీడనం 0.3 బార్ పెరుగుతుంది. మా అయిదో అంతస్తు కొళాయి ట్యాంకు నీటిమట్టానికి మూడున్నర మీటర్ల కిందే ఉంది. మొదటి అంతస్తు పదిహేను మీటర్ల పైచిలుకు కింద ఉంది. బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే పూర్తిగా తిప్పిన కొళాయిలో 102లో నిమిషానికి 12 లీటర్లు, 502లో ఆరు వచ్చాయి. ఏరేటర్ సరిగా పని చేయాలంటే సుమారు ఒక బార్ పీడనం కావాలి. 502లో పెట్టి చూస్తే ధార సన్నబడి విసుగొచ్చి తీసేశారు. కింది అంతస్తుల్లో దానికి డబ్బు కూడా పెట్టక్కర్లేదు. సింకు కిందున్న యాంగిల్ కాక్ కొద్దిగా బిగిస్తే కొళాయి ఎంత తిప్పినా నిమిషానికి ఆరేడు లీటర్లే వస్తాయి. ఒకటి, రెండు అంతస్తుల్లో అందరికీ అలా బిగించాం. పై అంతస్తుల వాళ్లది ముందే సన్నటి ధార, వాళ్లు టబ్బులతో సరిపెట్టుకుంటే చాలు.

పద్నాలుగు ఇళ్లు టబ్బుల పద్ధతికి వచ్చాయి. పూటకు 34 లీటర్లు, రెండు పూటలకు 68, పద్నాలుగిళ్లకు 950 దాకా. మిగతా ఆరిళ్లను ఒత్తిడి చేయలేదు. ఒక ఇంట్లో మంచం పట్టిన పెద్దాయన ఉన్నారు, ఇంకో ఇంట్లో పసిబిడ్డ. వాళ్ల చేతులకు వేరే పని చాలా ఉంది.

ఏప్రిల్ మూడో వారం

మూడోది ఏది పెట్టాలన్న దాని మీద కాస్త చర్చ జరిగింది. ఏసీ నీళ్లు పట్టుకుందామని పిల్లలు అన్నారు. మంచి మాటే. కానీ ఆర్వో వ్యర్థం దానికన్నా ఎక్కువ అని కొలిచి చూపించాక అందరూ అటే మొగ్గారు. పదహారిళ్లల్లో ఆర్వో ఉంది. రెండు డబ్బాలు పెట్టి చూస్తే ఒక లీటరు తాగే నీళ్లు వచ్చేలోపు సన్న నల్ల పైపులోంచి రెండు లీటర్లు బయటికి పోతున్నాయి. కొన్ని మిషన్లలో మూడు. తాగడానికి, వంటకు పదిహేను లీటర్లు తీసే ఇంట్లో ముప్పై లీటర్లు సింకులోకి పోతున్నాయన్నమాట.

మూడో అలవాటు: నల్ల పైపు కింద మూత ఉన్న బకెట్

నల్ల పైపు చివరను సింకులోంచి తీసి, మూత ఉన్న ఇరవై లీటర్ల బకెట్‌లోకి పెట్టడమే. మూతకు పైపు పట్టేంత బొక్క పెట్టాలి. ఉదయం ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి, కమోడ్‌లో పోయడానికి ఆ నీళ్లు వాడాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే అయిపోవాలి. మూత లేకుండా వారం రోజులు నిలవ ఉంచితే డెంగ్యూ దోమలు అందులోనే పెరుగుతాయి.

ఈ నీళ్లు దేనికి వాడకూడదో అది కూడా చెప్పాలి. బోరు నీళ్లు వస్తున్న రోజు, నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్నో చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే ఆర్వోలోకి వెళ్లే నీళ్లు 900, తాగే నీళ్లు 60, బకెట్‌లో నీళ్లు 1,300 పైన చూపించాయి. మిషన్ ఉప్పుల్ని మాయం చేయదు, వాటిని తక్కువ నీళ్లలోకి తోసి బయటికి పంపుతుంది. కాబట్టి ఇవి వంటకు పనికిరావు. వాషింగ్ మిషన్‌లో పోస్తే సబ్బు నురగ రాదు, పైగా మిషన్‌లో సున్నం పడుతుంది. 204 ఆంటీ గారు గత ఏడాది ఇవే తులసికి, మల్లెకు పోశారట. కుండీ మట్టి మీద తెల్లటి పొర కట్టి మొక్కల ఆకు అంచులు మాడిపోయాయి. వానలో అప్పుడప్పుడు ఒకసారి కడుక్కుపోయే నేలకైతే ఫర్వాలేదు, కుండీలో ఉప్పు ఎక్కడికీ పోదు.

మున్సిపల్ నీళ్లు మాత్రమే ఉన్న రోజు అదే మీటరు 180 దగ్గర ఆగింది. విశాఖకు తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచి, ఏలేరు కాలువ నుంచి వచ్చేది నేల మీది నీళ్లు. బోరులో ఉన్నంత ఉప్పు వాటిలో ఉండదు. అలాంటి నీటికి ఆర్వో అవసరమే లేదు, ఫిల్టరు, యూవీ చాలు. కొందరి మిషన్లలో ఆర్వో దాటవేసి యూవీ మాత్రమే నడిపే వీలుంది. అది ఉన్నవాళ్లు మున్సిపల్ నీళ్లు ఎక్కువగా ఉన్న నెలల్లో అలా నడుపుకోవచ్చు. మాకు సంపులో రెండూ కలుస్తాయి కాబట్టి వేసవిలో ఆర్వో తప్పడం లేదు.

బకెట్ పెట్టడం వల్ల ఒక జబ్బు కూడా బయటపడింది. 202లో ముప్పై రావాల్సిన చోట బకెట్ పొద్దున్నకే పొంగి కారింది. మిషన్ పైన తాగే నీళ్ల ట్యాంకు నిండాక లోపలికి నీళ్లు ఆగిపోవాలి. ఆపే వాల్వు చెడిపోవడంతో నల్ల పైపులోంచి రాత్రంతా నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ అది సింకులోకే పోయేది కాబట్టి ఎవరూ చూడలేదు. నిండినట్టు లైటు వెలిగాక పావుగంట తర్వాత కూడా నల్ల పైపు చివర చుక్కలు పడుతుంటే మెకానిక్‌ని పిలవాలి.

మే మొదటి వారం

సింహాచలం చందనోత్సవానికి చాలా ఇళ్లకు చుట్టాలు వచ్చారు. పిల్లలకు సెలవులు, బీచ్ నుంచి ఇసుక కాళ్లతో వచ్చి కడుక్కోవడాలు. ఆ మూడు నాలుగు రోజులూ పుస్తకంలో అంకె వంద దాటింది. సెక్రటరీ గారికి టెన్షన్ వచ్చింది, పడిన కష్టమంతా పోయిందేమోనని. అర్ధరాత్రి అంకె చూపించాను. ఒకటిన్నర నుంచి రెండుకు వచ్చింది, అంతే. మనుషులు పెరిగితే పగటి అంకె పెరుగుతుంది. రాత్రి అంకె పెరిగితేనే ఎక్కడో కారుతున్నట్టు. చుట్టాలు వెళ్లిపోయాక పగటి అంకె దిగింది.

మామూలు రోజుల్లో ఇప్పుడు మొత్తం 83 సెంటీమీటర్లు. 8,300 లీటర్లు, తలకు 115. తగ్గిన 3,300లో 2,100 దాకా కమోడ్లవే, గిన్నెలవి 950, ఆర్వో బకెట్లవి 300 దాకా ఉంటాయి. మొదట అందరూ మాట్లాడిన కార్లు, మొక్కలు వీటి పక్కన చాలా చిన్నవి.

మే మూడో వారం

బోరు దిగిపోయింది. రెండు గంటలు ఆడేది గంటా పావుకే గాలి పీలుస్తోంది, వచ్చేది 2,500 లీటర్లే. మున్సిపల్ నీళ్లతో కలిపి 7,500. మా ఖర్చు 8,300. రోజుకు 800 తక్కువ కాబట్టి ఆరు రోజులకు ఒక 5,000 లీటర్ల ట్యాంకర్ తెప్పిస్తున్నాం. పాత వాడకమే ఉండి ఉంటే రోజుకు 4,100 తక్కువయ్యేది, దాదాపు రోజూ ట్యాంకర్ కావలసి వచ్చేది. ట్యాంకర్ పూర్తిగా ఆగిపోతుందని మార్చిలో కొందరు ఆశపడ్డారు. ఈ మూడు అలవాట్లతో అది కుదరదు. బోరులోకి నీళ్లు దిగాలంటే వాన నీళ్ల ఇంకుడు గుంత సంగతి చూడాలి. అది వేరే పని, వేరే ఖర్చు.

వాచ్‌మన్ నిన్న రాత్రి అంకె రెండున్నర రాశాడు. పొద్దున్నే నాకు ఫోన్ చేసి "అమ్మా, మళ్లీ ఎక్కడో ఎల్లిపోతంది" అన్నాడు. ఈ రాత్రి 01 బాత్‌రూమ్ లైను పన్నెండు నుంచి నాలుగు దాకా కడుతున్నాం. ఆ వరస వాళ్లు ఒక్కో బకెట్ పట్టి ఉంచుకోండి, పడుకునే ముందు మీ రెండు కమోడ్లూ ఒకసారి విని చూడండి. మా సైజు వాషర్లు డజను తెచ్చి వాచ్‌మన్ గదిలో పెట్టాను, కావాల్సినవాళ్లు పుస్తకంలో రాసి తీసుకోవచ్చు.